మోషన్స్ తగ్గిపోయాక కూడా జింక్ ఎందుకు? 14 మాత్రల స్ట్రిప్ వెనక అసలు లెక్క ఇదీ..

హైదరాబాద్: వానలు మొదలైతే చాలు, ఫిల్మ్ నగర్ బస్తీల్లో చిన్నపిల్లలున్న ఇళ్లలో ఒకటే టెన్షన్. ఈ రోజు ఈ ఇంట్లో, రేపు పక్కింట్లో నీళ్ల విరేచనాలు. బస్తీ దవాఖానాకో, ఆశా కార్యకర్త దగ్గరికో వెళ్తే చేతికి రెండు రావాలి. ఒకటి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రెండోది 14 మాత్రలున్న ఒక చిన్న స్ట్రిప్. అదే జింక్.

ఓఆర్ఎస్ సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. తేడా వచ్చేది ఈ స్ట్రిప్ దగ్గరే. మూడో రోజుకో నాలుగో రోజుకో మోషన్స్ ఆగిపోతాయి. మిగిలిన పది మాత్రలు టీవీ స్టాండ్ మీదకో, దేవుడి గూట్లోకో చేరిపోతాయి. "తగ్గిపోయింది కదా, ఇంకా మందు దేనికి?" అన్నది చాలా ఇళ్లలో వినిపించే మాట. సినిమా వాళ్ల భాషలో చెప్పాలంటే ఇంటర్వెల్‌కే థియేటర్ నుంచి లేచి వెళ్లిపోవడం లాంటిది ఇది. ఎందుకంటే మొదటి నాలుగు మాత్రలు చేసే పని వేరు, తర్వాతి పది మాత్రలు చేసే పని వేరు.

ఒక్కసారితో పోదు, అదే అసలు సమస్య

ఫిల్మ్ నగర్ అనగానే బయటి వాళ్లకు గుర్తొచ్చేది రామానాయుడు స్టూడియో, హీరోల ఇళ్లు. కానీ అదే గుట్టల మీద, ఆ బంగళాల వెనకే, లైట్‌మెన్, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లు ఉండే బస్తీలు ఉన్నాయి. బండరాయి మీద కట్టుకున్న ఇళ్లు, మెట్లలా ఉండే సందులు. రాయిని తవ్వి పైపు లోతుగా వేయడం కష్టం కాబట్టి ఇలాంటి చోట్ల నల్లా పైపు మురికి కాల్వ పక్క నుంచో, పై నుంచో వెళ్తుంటుంది.

సిటీలో నల్లా నీళ్లు 24 గంటలూ రావు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ప్రెషర్ ఉంటుంది. ఆపేశాక ఆ ప్రెషర్ పడిపోతుంది. ఎవరైనా మోటార్‌ను నేరుగా నల్లాకు బిగించి లాగితే పరిస్థితి ఇంకా ఘోరం. పైపుకు ఎక్కడైనా చిన్న పగులు ఉంటే బయట ఉన్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో వచ్చేది అదే.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పిల్లాడికి ఈ నెల మోషన్స్ తగ్గినా ఇల్లు మారదు, పైపు మారదు, నీళ్లు మారవు. వచ్చే నెల అవే క్రిములు మళ్లీ కడుపులోకి వెళ్తాయి. అంటే ఇక్కడి తల్లికి ఇవాళ్టి మోషన్స్ ఎప్పుడు ఆగుతాయి అన్నది ఒక ప్రశ్న అయితే, మళ్లీ ఎప్పుడు వస్తాయి అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. జింక్ ఈ రెండింటి మీదా పని చేస్తుంది.

మోషన్స్‌లో నీళ్లే కాదు, జింక్ కూడా పోతుంది

జింక్ అనేది శరీరానికి చాలా తక్కువ మోతాదులో కావాల్సిన ఖనిజం. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 3 మిల్లీగ్రాములు సరిపోతుంది. కానీ ఐరన్‌ను లివర్ దాచి పెట్టుకున్నట్టు జింక్‌ను దాచి పెట్టుకునే గోదాం మన శరీరంలో లేదు. ఏ రోజుది ఆ రోజు తిండి నుంచి రావాల్సిందే.

మన పిల్లల కంచంలో ఏముంటుంది? అన్నం, పప్పు, చారు. జింక్ బాగా ఉండేది మాంసం, గుడ్డు, పాల లాంటి వాటిలో. బియ్యం, పప్పుల్లోనూ కొంత జింక్ ఉంటుంది కానీ, వాటిలోనే ఫైటేట్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది జింక్‌ను గట్టిగా పట్టేసుకుని పేగులోకి ఇంకనివ్వదు. 2016-18 మధ్య దేశవ్యాప్తంగా పిల్లల పోషణ మీద చేసిన సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో నూటికి 19 మందికి జింక్ లోపం ఉన్నట్టు తేలింది. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

అలాంటి పిల్లాడికి మోషన్స్ పట్టుకుంటే నీళ్లు, ఉప్పుతో పాటు ఉన్న కాస్త జింక్ కూడా పోతుంది. జింక్ తగ్గితే పేగు గోడ సరిగ్గా మానదు, ఇమ్యూనిటీ తగ్గుతుంది. అప్పుడు మళ్లీ మోషన్స్ సులభంగా వస్తాయి. మళ్లీ జింక్ పోతుంది. ఇదొక గానుగెద్దు తిరుగుడు. ఈ చక్రాన్ని మధ్యలో తెంపడానికే జింక్ మాత్ర.

మొదటి రోజుల్లో ఏం చేస్తుంది?

పేగు లోపలి గోడను ఒక టర్కీ టవల్‌లా ఊహించుకోండి. టవల్ మీద సన్నటి దారపు ముళ్లు లేచి ఉన్నట్టే పేగు గోడ మీద కంటికి కనిపించనంత చిన్న కుచ్చులు ఉంటాయి. తిన్నది, తాగింది పీల్చుకునేది ఇవే. రోటావైరస్ లాంటి క్రిములు దాడి చేస్తే ఈ కుచ్చులు కాలిపోయిన పచ్చికలా అయిపోతాయి. పీల్చుకునే టవల్ లేకపోతే నీళ్లు నేరుగా కిందికి పోతాయి.

మంచి విషయం ఏంటంటే పేగు గోడ తనను తాను చాలా త్వరగా కట్టుకుంటుంది. పాత కణాలు రాలి కొత్తవి రావడానికి కొద్ది రోజులు చాలు. కొత్త కణం పుట్టాలంటే పాత కణం రెండుగా చీలాలి. ఆ చీలికకు అవసరమైన ఎంజైమ్‌లలో చాలా వాటికి జింక్ కావాలి. జింక్ ఉంటే ఈ రిపేర్ పని ఆగకుండా సాగుతుంది. లేకపోతే మేస్త్రీ వచ్చాడు, సిమెంట్ రాలేదు అన్నట్టు ఉంటుంది.

ఇంకో పని కూడా ఉంది. కొన్ని రకాల డయేరియాలో పేగు కణాలు ఉప్పును లోపలి నుంచి బయటికి తోసేస్తాయి. ఉప్పు ఎటు పోతే నీళ్లూ అటే పోతాయి కాబట్టి విరేచనం పంపు నీళ్లలా అవుతుంది. కణం ఇలా ఉప్పును తోయాలంటే దాని వెనక వైపు పొటాషియం బయటికి వెళ్లే దారి తెరిచి ఉండాలి. జింక్ ఆ వెనక దారిని మూసేస్తుందని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది. వెనక దారి మూసుకుపోతే ముందు నుంచి తోయడమూ నెమ్మదిస్తుంది. కాకపోతే ఇది అన్ని రకాల డయేరియాకూ వర్తించదు. ఉప్పును తోసే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, జింక్ వాటిలో కొన్నింటినే అడ్డుకోగలదు.

అంటే జింక్ క్రిమిని చంపే మందు కాదు. విరేచనాన్ని బిరడా వేసినట్టు ఆపే మందు అంతకన్నా కాదు. పాడైన గోడను త్వరగా కట్టించే సామాను అనుకోవచ్చు.

తర్వాతి పది రోజుల్లో ఏం చేస్తుంది?

మోషన్స్ ఆగాయంటే గోడ అంతా కట్టేసినట్టు కాదు, లీకేజీ ఆగిందని మాత్రమే. జింక్ ఖాతా ఇంకా మైనస్‌లోనే ఉంటుంది. రోజూ తినే తిండితో ఆ లోటు పూడాలంటే, పైన చెప్పిన అన్నం పప్పు లెక్కలో, చాలా కాలం పడుతుంది. ఈలోపే కొత్త క్రిమి వచ్చేస్తుంది.

మిగిలిన మాత్రలు ఈ లోటును పూడుస్తాయి. పేగు కణాల మధ్య ఉండే అతుకులు గట్టిపడతాయి. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా టీ కణాలు, తయారు కావడానికి జింక్ తప్పనిసరి. 10 నుంచి 14 రోజుల కోర్సు పూర్తి చేస్తే ఆ తర్వాత రెండు మూడు నెలల పాటు మళ్లీ డయేరియా వచ్చే అవకాశం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో కలిసి విడుదల చేసిన ప్రకటనలోనే చెప్పాయి. జూన్‌లో కోర్సు పూర్తి చేసిన పిల్లాడికి ఆ రక్షణ దాదాపు వానాకాలం మొత్తం ఉంటుందన్నమాట. నాలుగు మాత్రలకే ఆపేసిన పిల్లాడికి ఆ భరోసా ఉండదు.

ఢిల్లీ బస్తీలో తేలిన విషయం

ఈ లెక్క ఎక్కడో అమెరికాలో తేల్చింది కాదు. 1995లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఢిల్లీలోని కల్కాజీ ప్రాంతంలో జరిగింది. సునీల్ సజావల్, ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ ఎం.కె. భాన్, అమెరికాకు చెందిన రాబర్ట్ బ్లాక్ తదితరులు దీన్ని నడిపించారు. ఫిల్మ్ నగర్ బస్తీల లాంటి చోట ఉండే, ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు వయసున్న 937 మంది పిల్లలను తీసుకున్నారు. అందరూ మోషన్స్‌తో వచ్చిన వాళ్లే. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. జింక్ తీసుకున్న పిల్లల్లో రోజుకు అయ్యే నీళ్ల విరేచనాలు సగటున 39 శాతం తగ్గాయి. డయేరియా కొనసాగే ముప్పు 23 శాతం తగ్గింది.

ఇదే డాక్టర్ భాన్ పేరు హైదరాబాద్‌కు ఇంకో రకంగానూ దగ్గర. రోటావైరస్ టీకా రోటావాక్ వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో ఆయన ముఖ్యులు. ఆ టీకాను తయారు చేసింది మన భారత్ బయోటెక్.

ఆ తర్వాత బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 8 వేల మందికి పైగా పిల్లల మీద మరో పెద్ద పరిశోధన జరిగింది. 2002లో ఫలితాలు వచ్చాయి. మోషన్స్ వచ్చిన ప్రతిసారీ 14 రోజులు జింక్ ఇచ్చిన గ్రామాల్లో డయేరియా త్వరగా తగ్గడమే కాదు, కొత్తగా వచ్చే కేసులు కూడా 15 శాతం తక్కువగా నమోదయ్యాయి. మళ్లీ రాకుండా ఉండటం అనే మాటకు బలం వచ్చింది ఇక్కడి నుంచే.

మరి తల్లులకు తేడా ఎందుకు కనిపించదు?

ఇక్కడ నిజం నిజంగానే చెప్పుకోవాలి. 33 పరిశోధనలను కలిపి 2016లో చేసిన సమీక్ష ప్రకారం, ఆరు నెలలు దాటిన పిల్లల్లో జింక్ వల్ల మోషన్స్ తగ్గే సమయం సగటున అర రోజు. బరువు తక్కువగా, పోషణ సరిగ్గా లేని పిల్లల్లో అయితే ఒక రోజు కంటే కాస్త ఎక్కువ. ఆరు నెలల లోపు పిల్లల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అర రోజు అంటే చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ఒక ఇంట్లో పని మానేస్తే ఆ రోజు డబ్బులు కట్ అయ్యే తల్లికి, కాల్‌షీట్ పోతే బత్తా పోయే తండ్రికి అర రోజు చిన్నది కాదు. బలహీనంగా ఉన్న పిల్లాడి ఒంట్లోంచి ఇంకో ఆరేడు సార్లు నీళ్లు పోకుండా ఆగడం అస్సలు చిన్నది కాదు.

చిక్కు ఏంటంటే, జింక్ వేయకపోతే ఎన్ని రోజులు ఉండేదో ఎవరికీ కనిపించదు. వచ్చే నెల రాకుండా ఆగిన మోషన్స్ అసలే కనిపించవు. అదే ఒక ఇంజెక్షన్ చేస్తే, యాంటీబయాటిక్ సిరప్ రాస్తే ఏదో గట్టి వైద్యం జరిగినట్టు ఉంటుంది. చాలా డయేరియాలు వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. అయినా అమ్ముడుపోయేది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో డయేరియా వచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 61 మందికి ఓఆర్ఎస్ అందితే, జింక్ అందింది సుమారు 30 మందికే. పక్కపక్కనే ఇవ్వాల్సిన రెండింటిలో ఒకటి సగం మందికి చేరడం లేదన్నమాట.

14 రోజులు ఎలా గడవాలి?

ఉదాహరణకు ఫిల్మ్ నగర్‌లో ఉండే 14 నెలల పిల్లాడు అనుకుందాం. తొమ్మిది కిలోల బరువు. సోమవారం తెల్లవారుజాము నుంచి నాలుగు సార్లు నీళ్ల విరేచనాలు, ఒక వాంతి. నానమ్మ "పళ్లొస్తున్నాయి, అందుకే" అంటుంది. (పళ్లు రావడం వల్ల ఇలా పంపు నీళ్లలా మోషన్స్ కావు. ఆ వయసులో పిల్లలు నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, అసలు కారణం అది.)

మొదటి రోజు ముందుగా ఓఆర్ఎస్. ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి మిగతాది దాచిపెడితే ఉప్పు, చక్కెర లెక్క తప్పుతుంది. ప్రతి మోషన్ తర్వాత పావు గ్లాసు నుంచి అర గ్లాసు వరకు స్పూన్‌తో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ, ఇంకాస్త నెమ్మదిగా. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాల్సిందే.

అదే రోజు జింక్ కూడా మొదలవ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు ఒక 20 మిల్లీగ్రాముల మాత్ర. ఒక స్పూన్‌లో మాత్ర వేసి, కాచి చల్లార్చిన నీళ్లు కొన్ని పోస్తే నిమిషంలోపే కరిగిపోతుంది. ఏదైనా కాస్త తిన్నాక లేదా పాలు తాగాక పట్టడం మంచిది. ఖాళీ కడుపున వేస్తే వికారం ఎక్కువ. రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు సగం మాత్ర, అదీ తల్లి పాలు పిండి అందులో కరిగించి. రెండు నెలల లోపు పసికందుకు మోషన్స్ అయితే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే.

మన ఉదాహరణలో పిల్లాడు మాత్ర వేసిన పది నిమిషాలకే కక్కేశాడు అనుకోండి. ఇది మామూలే. జింక్ రుచి ఇనుప గరిట నాకినట్టు ఉంటుంది. అరగంట లోపే వాంతి అయితే, కాసేపు ఆగి ఇంకో మాత్ర కరిగించి చిన్న చిన్న గుక్కలుగా పట్టొచ్చు. ప్రతిరోజూ ఇలాగే జరుగుతుంటే డాక్టర్‌కు చెప్పాలి, అంతే తప్ప మనంతట మనమే మానేయకూడదు.

రెండో రోజు, మూడో రోజు కూడా మోషన్స్ ఉంటాయి. కంగారు పడక్కర్లేదు. తిండి మాత్రం ఆపకూడదు. "కడుపుకు రెస్ట్ ఇద్దాం" అని పాలు, అన్నం మానిపించడం మన ఇళ్లలో పాత అలవాటు. కానీ గోడ కట్టాల్సిన సమయంలో సామాను ఆపేసినట్టు అవుతుంది. తల్లి పాలు అడిగినప్పుడల్లా ఇవ్వాలి. పెరుగన్నం, ఇడ్లీ, పెసరపప్పు కిచిడీ, అరటిపండు, గుడ్డు తినే పిల్లాడైతే గుడ్డు.

నాలుగో రోజు మోషన్స్ ఒకటి రెండుకు తగ్గాయి, ఐదో రోజు గట్టిగా వచ్చాయి. ఓఆర్ఎస్ ఆపేయొచ్చు. జింక్ ఆపకూడదు. ఆరో రోజు, ఏడో రోజు, పదో రోజు... పిల్లాడు ఆడుకుంటూ ఉంటాడు, తల్లికి పనులుంటాయి, మర్చిపోయేది ఇప్పుడే. స్ట్రిప్‌లో 14 మాత్రలు ఉంచింది ఇందుకే. స్ట్రిప్ ఖాళీ అయితే కోర్సు అయినట్టు. రోజూ ఒకే టైమ్‌కు, ఉదాహరణకు సాయంత్రం అన్నం తిన్నాక, అని పెట్టుకుంటే మర్చిపోరు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకూడదు, ఒకటే వేసి ముందుకు సాగాలి.

నెల తర్వాత మళ్లీ మోషన్స్ వస్తే? మళ్లీ మొదటి రోజు నుంచి కొత్త కోర్సు. పోయిన నెల మిగిలిన మాత్రలతో సరిపెట్టడం కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సిరప్ విషయంలో జాగ్రత్త. మాత్ర బదులు మెడికల్ షాపుల్లో జింక్ సిరప్‌లు కూడా అమ్ముతారు. ఒక కంపెనీ సిరప్‌లో 5 ఎంఎల్‌కు 20 మిల్లీగ్రాములు ఉంటే, ఇంకో దాంట్లో 10 మాత్రమే ఉండొచ్చు. "పక్కింటి వాళ్లు ఒక స్పూన్ వేశారు" అని వేస్తే లెక్క తప్పుతుంది. సీసా మీద "ఎలిమెంటల్ జింక్" అని ఎంత రాసి ఉందో చూడాలి. పెద్ద అంకె చూసి భయపడక్కర్లేదు. జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ దాదాపు 55 మిల్లీగ్రాములు ఉంటే అందులో అసలు జింక్ 20 మిల్లీగ్రాములే.

మాత్రను ఓఆర్ఎస్ జగ్గులో కలిపేయడం ఇంకో పొరపాటు. పిల్లాడు లీటరు మొత్తం తాగడు కాబట్టి మాత్ర మొత్తం కడుపులోకి వెళ్లదు. పైగా ఆ రుచికి ఓఆర్ఎస్ కూడా వద్దంటాడు.

ఐరన్ సిరప్ వాడుతున్న పిల్లలకు రెండూ ఒకేసారి ఇవ్వొద్దు. ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. కనీసం రెండు గంటల గ్యాప్ ఉండాలి.

బలానికి మంచిది కదా అని 14 రోజులు దాటి నెలల తరబడి 20 మిల్లీగ్రాములు కొనసాగించడమూ తప్పే. జింక్ ఎక్కువైతే శరీరం రాగిని పీల్చుకోవడం తగ్గుతుంది. దానివల్ల రక్తహీనత కూడా రావొచ్చు.

ఓఆర్ఎస్ అనే పేరుతో వచ్చే తియ్యటి టెట్రా ప్యాక్ డ్రింక్‌ల సంగతి తెలిసిందే. వాటిలో చక్కెర అసలు ఓఆర్ఎస్ కంటే చాలా ఎక్కువ, ఉప్పు సరిపోదు. అవి తాగిస్తే మోషన్స్ ఇంకా పెరగొచ్చు. దీని మీద హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి డ్రింక్‌ల మీద ఓఆర్ఎస్ అనే పదం వాడొద్దని ఆదేశించింది. జింక్ ఎంత కరెక్ట్‌గా వేసినా, పక్కన ఇలాంటి డ్రింక్ పడితే ఫలితం ఉండదు.

20 మిల్లీగ్రాములు ఎక్కువేమో అన్న చర్చ

వాంతుల సమస్య వల్ల తల్లులు జింక్ మానేస్తున్నారని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. మరి డోస్ తగ్గిస్తే? ఇండియా, టాంజానియాల్లో 4,500 మంది పిల్లల మీద ఈ ప్రశ్నతోనే పెద్ద పరిశోధన చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. రోజుకు 5, 10 మిల్లీగ్రాములు ఇచ్చినా మోషన్స్ విషయంలో 20కి దాదాపు సమానంగానే పని చేశాయి. వాంతులు మాత్రం తగ్గాయి. 20 మిల్లీగ్రాములు తీసుకున్న పిల్లల్లో నూటికి 19 మంది అరగంట లోపు వాంతి చేసుకుంటే, 5 మిల్లీగ్రాముల గ్రూపులో 14 మంది.

అలాగని ఇంట్లో 20 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేయమని దీని అర్థం కాదు. ముక్కలు సమానంగా రావు. 20 పడని పిల్లలకు తక్కువ డోస్ ఇవ్వొచ్చా అన్నది డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాల్సిన విషయం. కోర్సు మానేయడం కంటే తక్కువ డోస్‌తోనైనా 14 రోజులు పూర్తి చేయడం మేలన్నది మాత్రం ఈ పరిశోధన తర్వాత నమ్మకంగా చెప్పొచ్చు.

జింక్‌తో ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సింది ఎప్పుడు?

డయేరియాలో ప్రాణం తీసేది ఒంట్లో నీరు తగ్గిపోవడం. దాన్ని జింక్ ఆపలేదు, ఓఆర్ఎస్ ఆపుతుంది. అది కూడా సరిపోని పరిస్థితులు ఉంటాయి. పిల్లాడు మగతగా ఉండి లేపినా సరిగ్గా లేవకపోయినా, ఏమీ తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా ఆలస్యం చేయొద్దు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో చిటికెలా పట్టి వదిలినప్పుడు వెంటనే సర్దుకోవాలి. మెల్లగా కిందికి దిగితే ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయని అర్థం. విరేచనంలో రక్తం కనిపిస్తే అది వేరే రకం జబ్బు, యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. రెండు వారాలు దాటినా మోషన్స్ ఆగకపోతే కూడా పరీక్షలు చేయించాలి.

ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయొచ్చు. పిల్లల కోసం పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి అంటే రెడ్ హిల్స్‌లోని నీలోఫర్. దారి పొడవునా స్పూన్‌తో ఓఆర్ఎస్ పడుతూనే ఉండాలి, మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు.

జింక్, ఓఆర్ఎస్ రెండూ బస్తీ దవాఖానాల్లో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి. 2014లో రెండు వారాల కార్యక్రమంగా మొదలైన డయేరియా నియంత్రణ డ్రైవ్‌ను కేంద్రం 2024లో 'స్టాప్ డయేరియా' పేరుతో జులై, ఆగస్టు రెండు నెలలకు పొడిగించింది. ఆ సమయంలో ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఆశా కార్యకర్తలు వస్తారు. వాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోతుంటే, మోషన్స్ వస్తే జింక్ ఎక్కడ తీసుకోవాలో అప్పుడే అడిగి పెట్టుకోండి. నల్లాలో మురుగు వాసన వస్తుంటే వాటర్ బోర్డు నంబర్ 155313కి కంప్లైంట్ ఇవ్వొచ్చు. పైపు బాగు చేసే వరకు నీళ్లు బాగా మరిగేదాకా కాచి చల్లార్చుకునే తాగాలి, పిల్లాడి జింక్ కోర్సు నడుస్తున్నా సరే.